కుట్టు హాలు మీద చెరువు

ఆఫీసులో ఆమెను వంపులమ్మ అంటారు. ఎదురుగా ఉన్నంతసేపూ మేడమ్, కుర్చీలోంచి లేచి వెళ్లగానే వంపులమ్మ. భవనాలకు స్తంభాలు, దూలాలు లెక్క కట్టి ఇచ్చే ఆఫీసు అది. కొత్తగా చేరినవాళ్లెవరైనా దూలం లెక్క పూర్తిచేసి, "బరువు ఆగుతుంది మేడమ్" అని కాగితం చేతికిస్తే, ఆమె దాన్ని చూడకుండానే అడుగుతుంది.

"ఆగుతుంది సరే. ఎంత వంగుతుంది?"

ఈ ప్రశ్న వల్లే ఆ పేరు వచ్చింది. ఆమెకు ఆ సంగతి తెలుసు. చివర అమ్మ అని తగిలించారు కదా, అంతవరకు మర్యాదే అనుకుంది.

ఆమెకు శుభ్రం పిచ్చి. ఒకరి గ్లాసులో నీళ్లు తాగదు, బస్సు కడ్డీ పట్టుకున్న చేత్తో ముఖం తుడుచుకోదు. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం నెలకు నాలుగైదుసార్లు ఎవరి కప్పు మీదికో ఎక్కించేది. కప్పు ఎవరూ చూడని చోటు. ముందు గది అద్దంలా పెట్టుకునేవాళ్ల కప్పు మీద పాచి పట్టిన పరుపులు, పగిలిన కమోడ్లు, పావురాల రెట్టలో మునిగిన చెప్పులు ఉంటాయి. తూము నోట్లో ఆకులు కుళ్లి జిగురులా ఉంటాయి. ఇదేమిటండీ అని అడిగితే ఎవరైనా ఒకే మాట అంటారు. "పర్లేదండీ." ఆ కుళ్లు కంటే ఆ మాటకే ఆమెకు ఎక్కువ వాంతి వచ్చేది.

తండ్రి పోయాక తమ్ముడిని పెంచింది ఆమే. వాడికి చదువు అబ్బలేదు, కుట్టు అబ్బింది. రెండు మిషన్లతో మొదలెట్టి, అద్దె షెడ్లలో తిరిగి తిరిగి, చివరికి సొంతంగా కుట్టు హాలు కట్టుకున్నాడు. చొక్కాలు కుట్టి పెద్ద దుకాణాలకు పంపుతాడు. ఆ హాలుకు లెక్క కట్టి, గీసి ఇచ్చింది అక్కే. పైన ఇనుప రేకు, దాని మీద నీరు దిగకుండా పొర, చుట్టూ పిట్టగోడ. రేకుల షెడ్డులా ఏటవాలుగా ఉండకూడదని, ఆఫీసులా బల్లపరుపుగా ఉండాలని తమ్ముడి పట్టు. సరేనని ఆమె కప్పుకు ముందు వైపుకి కొద్దిగా వాటం పెట్టింది. ఆ వైపున తూములు పెట్టింది. తూములు మూసుకుపోతే నీళ్లు పొంగి బయటికి పోయేలా పిట్టగోడకు కింద బెత్తెడు ఎత్తున రంధ్రాలు పెట్టింది. హాలు మధ్యలో స్తంభం లేకుండా ఈ గోడ నుంచి ఆ గోడ వరకు వెళ్లే దూలాలకు మంచి లోతు ఇచ్చింది.

"ఇంత లావు దూలాలు ఎందుకే అక్కా? ఏనుగులు పడుకుంటాయా పైన?" అన్నాడు అప్పుడు.

"నీళ్లు పడుకుంటాయి," అంది ఆమె.

హాలు తెరిచిన రోజు ఆమె వెళ్లింది. లోపల తెల్లటి పలకలతో ఉత్తుత్తి కప్పు వేసి ఉంది. దూలాలు కనబడలేదు. హాలు ఎత్తుగా, వెలుగుగా ఉంది. మెచ్చుకుని, భోజనం చేసి వచ్చేసింది.

ఈసారి వానలు మొదలయ్యాక ఒక ఉదయం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, హాల్లో వాసన వస్తోంది. ఒక పలక తడిసి ఊడిపడింది. కొత్త ఆర్డరు ఇవ్వబోయే కంపెనీవాళ్లు మధ్యాహ్నం హాలు చూడటానికి వస్తున్నారు. ఒకసారి వచ్చి కారే చోటు చూపించు, పూత పూయిస్తాను."

"ఏం వాసన?"

"ఏదో... చచ్చిన ఎలక వాసన. పర్లేదులే, నువ్వు రా."

ఆమె గొడుగు వేసుకుని వెళ్లేసరికి వాన సన్నగా, విడవకుండా పడుతోంది. హాల్లో వరుసలు వరుసలుగా ఆడవాళ్లు మిషన్ల ముందు వంగి ఉన్నారు. మిషన్ల హోరులో మాట వినబడదు. మధ్యలో కటింగు బల్ల మీద గుడ్డ తాను పరిచి ఉంది. దాని పక్కనే బకెట్టు పెట్టారు. బకెట్టులోకి టీ రంగు నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. వాసన గుమ్మంలోనే ముక్కు పట్టుకుంది. ఎలక కాదు. ఎన్నాళ్లుగానో నిలవున్న నీళ్లు, రెట్ట, తడి గుడ్డ ముక్కిన వాసన.

మరదలు ఎదురొచ్చింది. హాలు లెక్కలు, మనుషులు అన్నీ ఆవిడే చూసుకుంటుంది.

"రండి వదినా. ఈయన పొద్దున్నుంచి అగరొత్తులు వెలిగిస్తున్నాడు. వాసన పోలేదు సరిగదా, కాలిన వాసన కూడా చేరింది."

ఆమె నవ్వలేదు. పలక ఊడిన చోట తల ఎత్తి చూసింది. ఆ కన్నంలోంచి దూలం కనబడింది. చాలాసేపు చూసింది. తను గీసిన దూలం కాదది. లోతు దాదాపు సగమే ఉంది.

"ఈ దూలం ఎవరు మార్చారు?"

తమ్ముడు మిషన్ల వైపు చూశాడు. "షెడ్ల కాంట్రాక్టరు. నువ్వు చెప్పినవి మరీ కిందికి వేలాడుతున్నాయని, హాలు గుహలా ఉంటుందని... వాడు వేరే ఇంజనీరు చేత లెక్క కట్టించాడక్కా. ఇది మేలు రకం ఉక్కట. సన్నగా ఉన్నా అంతే బరువు మోస్తుందట."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవుగా."

ఆమె వెనక వైపుకి నడిచింది. అక్కడ గోడకు ఇనుప నిచ్చెన బిగించి ఉంది. చీర కుచ్చిళ్లు దోపుకుని, వానలోనే ఎక్కి, పిట్టగోడ మీదుగా తల మాత్రం పెట్టి చూసింది. కప్పు మీద కాలు పెట్టలేదు.

కప్పు లేదు. చెరువు ఉంది. నల్లటి నీళ్లు ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నిండి ఉన్నాయి. పైన బూడిదరంగు తెట్టు. హాల్లోని ఫ్యాన్లు బయటికి ఊదే దారపు పీచంతా కప్పు మీదే పడి, రెట్టతో కలిసి, నానిన దుప్పటిలా తేలుతోంది. పక్క మేడలో కాపురముండేవాళ్లు కిటికీల్లోంచి విసిరినవన్నీ అందులోనే ఉన్నాయి. కట్టిన ప్లాస్టిక్ సంచులు, పసిపిల్లల డైపర్లు, దువ్వెనలోంచి తీసిన జుట్టు ఉండలు. పొట్ట ఉబ్బిన పావురం ఒకటి వెల్లకిలా తేలి మెల్లగా హాలు మధ్యవైపుకే కదులుతోంది. నీళ్లు అటే పోతున్నాయన్నమాట. ముందున్న తూముల వైపుకి కాదు.

ఆమె దిగి, రెండు చేతులూ చీరకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"తూములకు ఏం చేశారు?"

తమ్ముడు, మరదలు ఒకరినొకరు చూసుకున్నారు. మరదలే చెప్పింది. పోయినేడు పీచు గొట్టాల్లో దిగి ఇరుక్కుపోయిందట. శుభ్రం చేసేవాడు వచ్చి విసుక్కుని వెళ్లాడట. అందుకని ఆవిడ నెట్ గుడ్డతో తూము నోళ్లకు టోపీలు కుట్టింది. అంచులో నాడా కూడా పెట్టి బిగించింది.

"చక్కగా సరిపోయాయి వదినా, కొలిచి కుట్టాను. ఒక్క పోగు కూడా లోపలికి పోదు."

"ఇప్పుడు చుక్క నీరు కూడా పోవటం లేదు. పీచు ఆ నెట్ మీదే పేరుకుని కంబళి అయింది." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "మరి పిట్టగోడ రంధ్రాలు? వాటిలోంచి పొంగాలి కదా."

"అవా? వాటిలోంచి నీళ్లు కారి ముందు గోడ మీద మరకలు పడుతున్నాయక్కా. బోర్డు మీదికి కూడా. రంగు వేయించేటప్పుడు సిమెంటుతో మూయించేశాను."

"మరకలు."

"కొత్త రంగే. చూడటానికి అసహ్యంగా ఉండేది."

ఆమెకు నవ్వు రావాల్సింది. రాలేదు. పైన డైపర్ల చెరువు పెట్టుకుని గోడ మీద మరక అసహ్యం అంటున్నాడు. చిన్నప్పుడు వీడి ముక్కు తనే తుడిచింది.

"ఆడవాళ్లందరినీ బయటికి పంపు," అంది.

"ఇప్పుడా? కంపెనీవాళ్లు వచ్చేసరికి హాలు నడుస్తూ కనబడాలి. ఖాళీ హాలు చూస్తే ఆర్డరు ఇస్తారా?"

"కప్పు పడిపోవచ్చు."

"బరువు మోస్తుందని లెక్క ఉందక్కా." అతను ఫోన్ తీసి కాంట్రాక్టరుకు కలిపి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"మేడమ్, నమస్తే," అన్నాడు కాంట్రాక్టరు. "మీరేం కంగారు పడకండి. మీరు రాసిన ఉక్కు కంటే ఇది బలమైంది. లోతు తగ్గినా బలం తగ్గలేదు. కాగితం ఉంది."

"బలం సంగతి నేనడగలేదు. ఎంత వంగుతుందో చూశారా?"

"బలం ఉంటే వంగదు కదండీ."

"వంగుతుంది. మేలు రకం ఉక్కు తిరిగి లేవకుండా లొంగిపోవటానికి ఎక్కువ బరువు కావాలి, అది నిజం. కానీ అంతవరకు వంగటం మామూలు ఉక్కు వంగినట్టే వంగుతుంది. వంపును ఆపేది ఉక్కు రకం కాదు, దూలం లోతు. లోతు సగం చేశారు. వంగకుండా ఆపే బిగువు నాలుగో వంతుకు పడిపోయింది."

"కొంచెం వంగితే ఏముందండీ? పర్లేదు," అన్నాడు అవతల నుంచి.

ఆమె ఫోన్ అందుకుని కట్ చేసి తమ్ముడి చేతిలో పెట్టింది. తరవాత, చిన్నప్పుడు కూడిక నేర్పిన గొంతుతో మాట్లాడింది.

"ఒరే, విను. నీళ్లు నిలిస్తే దూలం వంగుతుంది. వంగితే అక్కడ గుంట పడుతుంది. గుంట పడితే చుట్టుపక్కల నీళ్లన్నీ దాంట్లోకే చేరతాయి. బరువు పెరిగి ఇంకా వంగుతుంది. బిగువున్న దూలమైతే వంగేది ప్రతిసారీ ముందుకంటే తక్కువ. కాసేపటికి ఎక్కడో ఒకచోట నిలుస్తుంది. బిగువు లేనిదైతే వంగేకొద్దీ నీళ్లు, నీళ్లకొద్దీ వంపు. దానికి నిలిచే చోటు లేదు. మీ కాంట్రాక్టరు కాగితంలో ఒక బరువు రాసుకుని, అది ఆగుతుందా అని చూశాడు. ఇక్కడ బరువు ఒకచోట కూర్చోదు. దూలం వంగి దాన్ని పిలుచుకుంటుంది."

"ఇన్నాళ్లూ నిలిచింది కదక్కా."

"ఇన్నాళ్లూ ఇంత నీరు లేదు."

"కంపెనీవాళ్లు చూసి వెళ్లాక ఖాళీ చేయిస్తాను. ఈ ఒక్క పూట."

ఆమె అతని ముఖంలోకి చూసింది. భయం ఉంది. కానీ అది కప్పు గురించి కాదు.

గుమ్మం పక్కనే గోడకు మెయిన్ స్విచ్ ఉంది. ఆమె వెళ్లి దాన్ని కిందికి లాగింది. హోరు ఒక్కసారిగా ఆగింది. దీపాలు పోయాయి. ఆ నిశ్శబ్దంలో పైనుంచి సన్నటి మూలుగు లాంటి చప్పుడు వినబడింది. తలలన్నీ పైకి లేచాయి.

"కరెంటు పోయిందా?" అని ఎవరో అడిగారు.

"నేనే తీశాను," అంది ఆమె గట్టిగా. "కప్పు మీద నీళ్లు నిండి ఉన్నాయి. దూలాలు వంగుతున్నాయి. సంచులు తీసుకుని ముందు వరండాలోకి వెళ్లండి. పరిగెత్తొద్దు. మధ్యలోంచి కాదు, గోడల వెంట వెళ్లండి."

"ఈ పూట ముక్కలు లెక్కలోకి వస్తాయా అమ్మా?" అంది మొదటి వరుసలో ఒకావిడ, సూదిలోంచి దారం తీస్తూ.

"తల ఉంటే ముక్కలు లెక్కపెట్టుకోవచ్చు, లేవవే," అంది పక్కావిడ. "ఆ చప్పుడు వినబడలా?"

గొణుగుతూ, చెప్పులు వెతుక్కుంటూ, గోడలను రాసుకుంటూ కదిలారు. తమ్ముడు గుమ్మం దగ్గర ఇద్దరు ముగ్గురిని ఆపబోయాడు. ఆగినట్టే ఆగి వాళ్లు అతని చేతికింద నుంచి వెళ్లిపోయారు.

"అక్కా, నా కడుపు కొడుతున్నావు," అన్నాడు.

"స్విచ్ మీద చెయ్యి వేశావంటే కంపెనీవాళ్లతో నేనే మాట్లాడతాను. తూములకు టోపీలు కుట్టే కంపెనీ అని చెప్తాను."

మరదలు తల దించుకుంది. ఆ మాట ఆవిడకు తగిలిందని వంపులమ్మకు తెలుసు. వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

హాలు ఖాళీ అయ్యాక ఆమె ఒక పని చేసింది. కటింగు బల్ల దగ్గరున్న మడత నిచ్చెన ఎక్కి, పలక ఊడిన కన్నంలోంచి దూలానికి దారం కట్టి, దాని చివర దారం నిండుగా చుట్టిన బాబిన్ ఒకటి వేలాడదీసింది. బాబిన్ వెనక ఒక అట్టను నేల మీద నిలబెట్టి, మరదలు అందించిన సుద్దతో బాబిన్ అడుగుకు సరిగ్గా ఒక గీత గీసింది. నేల కదలదు. దూలం దిగితే బాబిన్ గీత కిందికి దిగుతుంది. అంతా అయ్యేసరికి ఆమె నుదుటి మీద పైనుంచి ఒక చుక్క పడింది. కొంగుతో తోమి తోమి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసింది.

"ఇక్కడ్నించే చూడు. లోపలికి అడుగు పెట్టకు."

తమ్ముడు చూడలేదు. గుమ్మానికి వీపు పెట్టి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. వరండాలో ఆడవాళ్లు గుడ్డ మూటల మీద కూర్చుని డబ్బాలు విప్పుకున్నారు. వాసన అక్కడికీ వస్తుంటే కొందరు మూసేశారు.

"నెలరోజులుగా ఈ వాసనలోనే తింటున్నాం," అంది ఒకావిడ. "మిషను నూనె అన్నారు సారు."

"నాకు ఎలక అన్నారు," అంది ఇంకో ఆవిడ. "రోజుకో జంతువు చచ్చేది."

కాసేపటికి వాన పలచబడి ఆగింది. మబ్బు విడిచి ఎండ కూడా వచ్చింది. తమ్ముడి ముఖం వెలిగింది.

"ఆగిపోయింది, చూశావా? ఇక నీరెక్కడిది? కరెంటు వేస్తాను. కంపెనీవాళ్లు దారిలో ఉన్నారు."

"వెయ్యి. వేసేముందు ఆ బాబిన్ ఎక్కడుందో చూసి చెప్పు. నీ కళ్లతో."

అతను విసుగ్గా ఫోన్ కెమెరాతో దగ్గరికి లాగి చూశాడు. చేయి కొంచెం దిగింది. మళ్లీ చూశాడు. సుద్దగీత బాబిన్ పైకి వచ్చేసింది. బాబిన్ మొత్తం గీత కిందే ఉంది.

"వాన పడినప్పుడు దిగిందేమో."

"అయితే ఇప్పుడది ఎక్కడుందో గుర్తు పెట్టుకో."

అట్ట మీద ఒక బ్రాండు ముద్ర ఉంది. బాబిన్ అడుగు ఆ ముద్ర పై అంచుకు ఆనుకుని ఉంది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. ఎండ వరండా మెట్ల మీదికి వచ్చింది. ఒక్క చినుకు లేదు. బాబిన్ ముద్ర మధ్యకు వచ్చింది. తరవాత కింది అంచుకు వచ్చింది.

"వాన లేదు కదక్కా," అన్నాడు. ఈసారి అది వాదన కాదు. "వాన లేకుండా ఎలా?"

"కప్పు అంచుల్లో ఉన్న నీళ్లు మధ్యకు వస్తున్నాయి. కొత్త నీరు అక్కర్లేదు. ఉన్నది చాలు."

అతను ఎవరినీ పిలవలేదు. సామాన్ల గదిలోకి వెళ్లి సుత్తి, ఉలి తెచ్చాడు.

"తూము టోపీలు తీయనా?"

"కప్పు మీదికి ఎవరూ ఎక్కొద్దు. మనిషి బరువు కూడా దానికి ఎక్కువే. నువ్వు మూయించిన రంధ్రాలు పగలగొట్టు. బయటి నుంచి, స్తంభం పక్కన నిచ్చెన వేసుకుని. మొహం పక్కకు పెట్టుకో."

ముందు గోడ మీద, బోర్డుకు పైన, సిమెంటు అతుకులు కొత్త రంగు కింద ఉబ్బుగా తెలుస్తున్నాయి. అతను నిచ్చెన ఎక్కి మొదటి అతుకు మీద ఉలి ఆనించి కొట్టాడు. పెళ్లలు రాలాయి. ఇంకో దెబ్బకు అతుకు లోపలినుంచే తోసుకుని వచ్చింది. మొహం పక్కకు పెట్టుకోవటం మరిచాడు.

నల్లటి నీళ్లు మోచెయ్యంత లావున దూకి అతని నెత్తిన, మెడ మీద, చొక్కా లోపలికి పడ్డాయి. వెంట పీచు ముద్దలు, ఈకలు, ఒక డైపరు. అది కన్నంలో అడ్డంపడితే అతనే చేత్తో లాగి పారేశాడు. నిచ్చెన మీదే వాంతి చేసుకున్నాడు. అయినా దిగలేదు. నిచ్చెన జరిపించుకుని రెండో అతుకు కొట్టాడు. బోర్డు మీద, కొత్త రంగు మీద, బోర్డులో చొక్కా తొడుక్కుని నవ్వుతున్న అందగాడి మీద బురద పాయలుగా దిగింది. వరండాలో ఆడవాళ్లు ముక్కులు మూసుకుని, చీరలు ఎత్తిపట్టుకుని, గోడకు అంటుకుని నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు.

సరిగ్గా అప్పుడే కంపెనీవాళ్ల కారు వచ్చింది. గేటు దగ్గర ఆగింది. అద్దం అర అంగుళం దిగి, వెంటనే లేచింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

రంధ్రాలన్నీ తెరిచాక కారటం చాలాసేపు సాగింది. ఆ తరవాత మరదలు పొడవాటి గొట్టం తెచ్చింది. వెనక నిచ్చెన మీద నిలబడి, దాని ఒక కొసకు ఇటుక కట్టి, వెదురు బొంగుతో మధ్య గుంటలోకి తోసి, రెండో కొసను కిందికి వదిలి నీళ్లు లాగించింది. రంధ్రాల ఎత్తుకు కిందున్న నీళ్లు వాటంతట అవి పోవు. ఆ పని వంపులమ్మ చెప్పింది, మరదలు చేసింది. దిగాక మోచేతుల దాకా నల్లగా ఉన్న చేతులు చూసుకుంటూ, "చక్కగా కుట్టాను వదినా," అంది.

"చాలా చక్కగా కుట్టావు. అదే వచ్చింది చిక్కు."

బాబిన్ కొంచెం కొంచెంగా పైకి లేచింది. ముద్ర దాటింది. సుద్దగీత కూడా దాటి పైకి వెళ్లింది.

కాంట్రాక్టరు అప్పుడొచ్చాడు, మోటారు సైకిలు దూరంగా ఆపి, చేతిరుమాలు ముక్కుకు పెట్టుకుని. గుమ్మంలోంచి లోపలికి చూసి తల ఊపాడు.

"నిలిచింది కదండీ? నేను చెప్పాను. మేలు రకం ఉక్కు. ఇంత బరువు మోసి తిరిగి లేచింది. పడిపోతుందన్నారు మేడమ్."

తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. జుట్టులోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.

"నువ్వు లోపలికి పో," అన్నాడు కాంట్రాక్టరుతో.

"ఏంటన్నా?"

"హాలు మధ్యలో బల్ల ఉంది. దాని దగ్గర కుర్చీ వేసుకో. నేను మళ్లీ రంధ్రాలు మూసేస్తాను. వానాకాలం అయిపోయేదాకా అక్కడే కూర్చో. టీ పంపిస్తాను."

కాంట్రాక్టరు రుమాలు వెనక నవ్వాడు. లోపలికి మాత్రం వెళ్లలేదు. వరండాలో మూటల మీదున్న ఆడవాళ్లు అది చూశారు.

"ఇప్పుడేం చేద్దామంటారు మేడమ్?" అన్నాడు కాంట్రాక్టరు, గొంతు తగ్గించి.

"దూలాల కింద అదనపు ఉక్కు అతికించి లోతు పెంచాలి. దానికి లెక్క నేను కడతాను. అందాకా ప్రతి దూలానికి సరిగ్గా మధ్యలో ఇనుప స్తంభం నిలబెట్టాలి. పొడవు సగమైతే వంపు బాగా తగ్గుతుంది. స్తంభం కింద నేల కూడా చూసి, పునాది దిమ్మ వెయ్యాలి."

"మధ్యలో స్తంభాలా?" అంది మిషన్ల వరుసలు చూసుకునే సూపర్‌వైజరు వరండాలోంచి. "కటింగు బల్ల ఎక్కడ పెట్టాలి?"

"పెట్టకండి," అంది వంపులమ్మ.

తమ్ముడు మెట్ల మీంచి లేచాడు. స్తంభం లేని హాలు అని ఊరందరికీ చెప్పుకున్నది అతనే. ఒకసారి హాల్లోకి చూశాడు.

"స్తంభాలు పెట్టు," అన్నాడు కాంట్రాక్టరుతో. "అక్క ఎక్కడ చెప్తే అక్కడ. రంధ్రాలకు మళ్లీ ఎవడైనా సిమెంటు పూస్తే చేతులు విరుస్తాను. ముందు నావి." తరవాత అక్క వైపు చూడకుండానే అన్నాడు, "తాళం నువ్వే తీసుకెళ్లు. నా దగ్గరుంటే రేపు పొద్దున ఎండ కాస్తే మళ్లీ పర్లేదనిపిస్తుంది."

ఆమె తాళం వేసి చెవి సంచిలో వేసుకుంది. కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడిగింది. మరదలు వేడినీళ్లు తెచ్చిచ్చింది. మళ్లీ కడిగింది. మొహం, మెడ, మోచేతులు కడిగింది. టీ ఇస్తామంటే వద్దంది.

"కోపమా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"కోపం కాదురా. రోత."

అతను తల ఊపాడు. నొచ్చుకున్నట్టు లేదు.

బస్సులో ఆమె పక్కన ఖాళీ సీటులో ఒకావిడ వచ్చి కూర్చుంది. ఒక్క స్టాపు దాటేసరికి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, లేచి వెనక్కి వెళ్లి నిలబడింది. వంపులమ్మ కిటికీ వైపు జరిగి, దాన్ని పూర్తిగా తెరిచింది. బయట మబ్బు మళ్లీ కమ్ముకుంటోంది. సంచిలో చెయ్యి పెట్టి తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకుంది. ఉంది. ఇవాళ కప్పు పడాలనుకుంటే పడనీ, కింద ఎవరూ లేరు అనుకుంది.